వెళ్లారని తెలుసు, ఎక్కడికో తెలియదు

ఇంట్లో ఇంజనీరింగ్ చివరి ఏడాది చదివే పిల్లలుంటే ఈ మెయిల్ సంగతి పెద్దవాళ్లకీ తెలిసే ఉంటుంది. కంపెనీ పేరు, టెస్టు పేరు, ఎన్ని నిమిషాలు, ఏ రోజు నుంచి ఏ రోజు దాకా అని నాలుగు ముక్కలుంటాయి. కింద ఒక పొడవాటి లింకు ఉంటుంది. అది నొక్కితే హ్యాకర్‌ర్యాంక్, హ్యాకర్‌ఎర్త్, మెర్సర్ మెట్ల్ లాంటి ఏదో ఒక పరీక్ష వేదిక తెరుచుకుంటుంది. కొన్ని లెక్కలు, కొన్ని తర్కం ప్రశ్నలు, రెండు మూడు కోడింగ్ ప్రశ్నలు. అందులో నెగ్గితేనే ఇంటర్వ్యూ దాకా వెళ్లేది.

ప్రశ్నలకు ఎలా తయారవ్వాలో చెప్పేవాళ్లు అమీర్‌పేట నిండా ఉన్నారు. ఆ ప్రశ్నల చుట్టూ ఉన్న నిబంధనల గురించి మాత్రం ఎవరూ పెద్దగా చెప్పరు. లింకు ఎప్పటిదాకా పనిచేస్తుంది, మధ్యలో కరెంటు పోతే ఏమవుతుంది, ఇంకో ట్యాబ్‌లోకి వెళ్తే కంపెనీకి ఏం కనిపిస్తుంది అన్న విషయాల్లో హాస్టల్ గదుల్లో తిరిగే పుకార్లే ఎక్కువ. "ఒక్కసారి ట్యాబ్ మారితే రిజెక్ట్" అనేవాళ్లూ ఉన్నారు, "వాళ్లకేం కనపడదులే" అనేవాళ్లూ ఉన్నారు. రెండూ నిజం కాదు.

ముందు లింకు సంగతి. ఆ పొడవాటి చిరునామా చివర అర్థంలేని అక్షరాల వరుస ఒకటి ఉంటుంది. చాలా ఆహ్వానాల్లో అది మీ ఒక్కరికే కేటాయించిన గుర్తు, మీ మెయిల్ ఐడీకి ముడిపెట్టినది. స్నేహితుడికి పంపిస్తే అతను రాసేది మీ పేరు మీద పరీక్ష. అందరికీ ఒకటే లింకు ఇచ్చి, లోపలికి వెళ్లాక మెయిల్ ఐడీ అడిగే పద్ధతి కూడా ఉంది. క్యాంపస్ డ్రైవుల్లో అది మామూలే. ఏ రకమైనా, లింకు తెరిచినంత మాత్రాన సాధారణంగా గడియారం మొదలవదు. చాలా ఆఫీసులు, కాలేజీల మెయిల్ వ్యవస్థలు లోపలికి వచ్చిన లింకులను భద్రత కోసం తామే ముందుగా తెరిచి చూస్తాయి. తెరవగానే టైమ్ మొదలయ్యేట్టు పెడితే, మనిషి మెయిల్ చూడకముందే పరీక్ష అయిపోతుంది. అందుకే సూచనల పేజీ, కెమెరా పరీక్ష, ఒప్పుకుంటున్నట్టు టిక్కు, ఆ తర్వాతే మొదలుపెట్టే బటన్. ఆ బటన్ నొక్కేదాకా మీరు పరీక్షలో లేనట్టే. కాబట్టి మెయిల్ రాగానే లింకు తెరిచి సూచనలు చదవడానికి భయపడక్కర్లేదు. చదవకపోతేనే నష్టం.

ఎందుకంటే మెయిల్‌లో రెండు వేర్వేరు కాలాలు ఉంటాయి, పిల్లలు వాటిని కలిపేసుకుంటారు. ఒకటి పరీక్ష నిడివి, 90 నిమిషాలు అనుకుందాం. రెండోది లింకు తెరిచి ఉండే గడువు, శుక్రవారం సాయంత్రం 6 నుంచి ఆదివారం సాయంత్రం 6 వరకు అనుకుందాం. ఈ 48 గంటల్లో మీకు నచ్చిన 90 నిమిషాలు ఎంచుకోవచ్చు. అంతవరకు తేలికే. ఆదివారం 5:10కి మొదలుపెడితే ఏమవుతుందన్నదే చిక్కు. కంపెనీ గడువును "ఈలోగా మొదలుపెట్టాలి" అనే అర్థంలో పెట్టి ఉంటే మీకు పూర్తి 90 నిమిషాలు వస్తాయి, 6:40 దాకా రాసుకోవచ్చు. "ఈలోగా ముగించాలి" అనే అర్థంలో పెట్టి ఉంటే ఆరింటికి తెర మూసుకుంటుంది. మీ చేతిలో ఉన్నది 50 నిమిషాలే. మెయిల్‌లో `Start before` అని ఉందా, `Complete by` అని ఉందా అన్న చిన్న తేడా మీద 40 నిమిషాలు ఆధారపడి ఉంటాయి. స్పష్టంగా రాయని మెయిల్ వస్తే రెండో అర్థమే అనుకుని బయల్దేరడం క్షేమం.

గడువు రాసిన సమయం ఏ దేశానిదన్నది ఇంకో ముడి. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా కంపెనీకి రాసేవాళ్లకు తరచూ ఎదురయ్యేదే. పసిఫిక్ సమయం రాత్రి 11:59 అని ఉంటే, చలికాలంలో అది మనకు మరుసటి రోజు మధ్యాహ్నం 1:29. వేసవిలో అక్కడ గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు కాబట్టి 12:29. డాలస్‌లోనో సియాటిల్‌లోనో ఎమ్మెస్ చదువుతూ ఇక్కడి కంపెనీకి రాసేవాళ్లకు ఇదే లెక్క తిరగబడుతుంది. భారత కాలమానంలో ఆదివారం సాయంత్రం 6 అంటే సియాటిల్‌లో ఆదివారం తెల్లవారుజామే. అక్కడ ఆదివారం మధ్యాహ్నం తీరిగ్గా కూర్చుందామనుకుంటే లింకు అప్పటికే మూసుకుని ఉంటుంది.

అసలీ గడువు ఎందుకు, అందరికీ ఒకే సమయం పెట్టొచ్చు కదా అనిపిస్తుంది. వేలమందిని తీసుకునే పెద్ద డ్రైవుల్లో అలాగే స్లాట్లు ఇస్తారు. కానీ అందరూ ఒకే నిమిషంలో `Start` నొక్కితే సర్వర్ మీద భారం పడుతుంది, మరో పరీక్షో ఉద్యోగమో ఉన్నవాళ్లు తప్పిపోతారు. గడువు రెండు రోజులు పెడితే ఆ రెండు ఇబ్బందులూ పోతాయి. బదులుగా మూడోది వస్తుంది. శుక్రవారం రాసినవాడు ప్రశ్నలు శనివారం రాసేవాడికి చెప్పేస్తాడు. ఒక్కసారే రాయనివ్వడం, ప్రశ్నలను పెద్ద గుట్టలోంచి మార్చి మార్చి ఇవ్వడం, ట్యాబ్ మీద నిఘా పెట్టడం చాలావరకు ఈ మూడో ఇబ్బందికి విరుగుడుగా వచ్చినవే.

ఒక్కసారే అనే నిబంధన దగ్గర అందరూ మర్చిపోయే విషయం ఏమిటంటే, గడియారం మీ ల్యాప్‌టాప్‌లో లేదు. అది సర్వర్‌లో నడుస్తుంది. తెర మీద తగ్గుతూ కనిపించే అంకెలు దాని నీడ మాత్రమే. బ్రౌజర్ మూసేసినా, ల్యాప్‌టాప్ ఆగిపోయినా అక్కడ నడుస్తూనే ఉంటుంది. భీమవరంలో ఇంటి దగ్గర కూర్చుని 90 నిమిషాల పరీక్ష రాస్తున్న అమ్మాయికి 38వ నిమిషంలో కరెంటు పోయిందనుకుందాం. వైఫై ఆగింది. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి, అదే లింకు మళ్లీ తెరిచి లోపలికి వచ్చేసరికి 7 నిమిషాలు పోయాయి. తెర మీద 45 నిమిషాలు మిగిలి ఉన్నట్టు కనిపిస్తుంది, 52 కాదు. అది లోపం కాదు, అలాగే కట్టారు. లేకపోతే కష్టమైన ప్రశ్న రాగానే అందరికీ కరెంటు పోయేది!

మధ్యలో బయటపడి అదే లింకుతో తిరిగి రావడం రెండో ప్రయత్నం కిందికి రాదు. చాలా వేదికలు గడువు, సమయం మిగిలి ఉంటే ఆగిన చోటికే తీసుకొస్తాయి. రాసిన జవాబులూ కోడూ మధ్యమధ్యలో సర్వర్‌లో దాచుకుంటూ ఉంటాయి కాబట్టి పోయేది మహా అయితే చివరి కొన్ని వరుసలు. ఆప్టిట్యూడ్ భాగంలో మాత్రం జాగ్రత్త. ఒక్కో విభాగానికి విడిగా సమయం పెట్టి, ముందుకు వెళ్లాక వెనక్కి రానివ్వని పద్ధతి చాలా చోట్ల ఉంది. కరెంటు పోయిన ఏడు నిమిషాలూ పది నిమిషాల విభాగంలో పడితే ఆ విభాగం దాదాపు పోయినట్టే. సమయం అయిపోయినప్పుడు ఏది లెక్కకొస్తుందన్నది కూడా సూచనల్లోనే ఉంటుంది. కొన్ని వేదికలు చివరగా దాచిన కోడును తామే సమర్పిస్తాయి. కొన్నిచోట్ల మీరు `Submit` నొక్కినదే లెక్క, ఎడిటర్‌లో ఎంత అందమైన కోడు ఉన్నా సున్నాయే. `Run` నొక్కితే కనిపించే రెండు మూడు నమూనా పరీక్షలే నడుస్తాయని, దాచిన పరీక్షల మీద మార్కులు `Submit` తర్వాతే వస్తాయని మొదటిసారి రాసేవాళ్లలో చాలామందికి తెలియదు.

ఇంకో మెయిల్ ఐడీతో మళ్లీ రాస్తే? చాలామందికి వచ్చే ఆలోచనే. వేదిక దాన్ని కొత్త మనిషిగానే చూడొచ్చు. కానీ కంపెనీ దగ్గర హాల్‌టికెట్ నంబరు, ఫోన్ నంబరు, పుట్టిన తేదీ, కెమెరా తీసిన ఫొటో ఉంటాయి. షార్ట్‌లిస్ట్ తయారుచేసేటప్పుడు ఇద్దరూ ఒకరేనని తేలితే రెండు ప్రయత్నాలూ పోతాయి. మొదటిసారి మామూలుగా తప్పి ఉంటే కొన్ని నెలలు ఆగి మళ్లీ దరఖాస్తు చేసుకునే వీలుండేది, ఇప్పుడు అదీ ఉండదు.

ఇక ట్యాబ్ సంగతి. దీని వెనకున్న యంత్రాంగం చాలా చిన్నది. ప్రతి బ్రౌజర్‌లోనూ, తాను తెర మీద కనిపిస్తున్నానా లేదా అని ఒక పేజీ తెలుసుకునే సదుపాయం ఉంది. 2013లో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ దీన్ని ప్రమాణంగా ఆమోదించింది. అప్పటి ఉద్దేశం కాపలా కాదు, పొదుపు. మీరు వేరే ట్యాబ్‌లో ఉంటే ఈ ట్యాబ్‌లో వీడియో ఆపేయడం, బ్యాటరీ మిగల్చడం లాంటి పనులకన్నమాట. పరీక్ష వేదికలు అదే సదుపాయాన్ని ఇలా వాడుకుంటాయి.

```javascript
document.addEventListener("visibilitychange", () => {
  record(document.hidden ? "hidden" : "visible", Date.now());
});
```

పేజీ కనబడకుండా పోతే ఒక గీత, మళ్లీ కనబడితే ఒక గీత, రెండింటి పక్కనా సమయం. సర్వర్‌కు చేరేది ఇంతే.

```
10:42:07  hidden
10:42:31  visible
```

ఈ 24 సెకన్లలో మీరు గూగుల్‌లో వెతికారా, మెయిల్‌లో వచ్చిన ఓటీపీ చూశారా, కంప్యూటర్‌లోని క్యాలిక్యులేటర్ తెరిచారా అన్నది ఈ గీతలకు తెలియదు. ఒక ట్యాబ్‌లోని పేజీ పక్క ట్యాబ్‌లో ఏముందో చూడలేకపోవడం బ్రౌజర్ భద్రతకు పునాది. అలా చూడగలిగితే మీరు తెరిచిన ఏ వెబ్‌సైటైనా మీ బ్యాంకు పేజీ చదివేసేది. కాబట్టి మామూలు బ్రౌజర్‌లో రాసే పరీక్షకు మీరు వెళ్లారని తెలుస్తుంది, ఎంతసేపో తెలుస్తుంది. ఎక్కడికో తెలియదు.

ఇది కాక ఇంకో సంకేతం ఉంది. పేజీ కనిపిస్తూనే ఉన్నా, కీబోర్డు దృష్టి వేరే చోటికి పోతే `blur` అనే సంఘటన పుడుతుంది. అసలు తలనొప్పులన్నీ ఇక్కడే. మూలన లేచిన వాట్సాప్ నోటిఫికేషన్‌ను మూసేద్దామని నొక్కితే `blur`. యాంటీవైరస్ పైకి లేచి కూర్చుంటే `blur`. రెండో తెర మీద ఖాళీ చోట మౌస్ నొక్కినా అంతే. పరీక్ష పేజీ సరిగ్గా కట్టకపోతే, ఆ పేజీలోనే ఇంకో చట్రంలో పెట్టిన క్యాలిక్యులేటర్‌ను నొక్కినా బయటి పేజీకి మీరు వెళ్లిపోయినట్టే అనిపిస్తుంది. మంచి వేదికలు ఇలాంటివి వడగడతాయి, అన్నీ మంచివి కావు. పూర్తి తెర తప్పనిసరి చేసిన పరీక్షల్లో `Esc` మీట మరో వల. కోడ్ రాసేటప్పుడు పైకి వచ్చే సూచనల పెట్టెను `Esc`తో మూసేయడం అలవాటైనవాళ్లు ఉన్నారు. బ్రౌజర్‌లో అదే మీట పూర్తి తెర నుంచి బయటికి తెస్తుంది. రాసేవాడి వేలి అలవాటు రిపోర్టులో నిబంధన ఉల్లంఘనగా నమోదవుతుంది.

ఇప్పుడు ఆ రిపోర్టు కంపెనీ వైపు నుంచి ఎలా కనిపిస్తుందో చూద్దాం. ఒకే పరీక్ష రాసిన ఇద్దరిని ఊహించుకుందాం. మొదటి వ్యక్తి తొమ్మిదిసార్లు పేజీ వదిలాడు. ప్రతిసారీ ఒకటి రెండు సెకన్లే, మొత్తం కలిపితే 14 సెకన్లు. కోడ్ నెమ్మదిగా ఒక్కో వరుసా పెరిగింది, మధ్యలో తుడిచాడు, మళ్లీ రాశాడు, చివరికి పది దాచిన పరీక్షల్లో ఏడు దాటాయి. రెండో వ్యక్తి ఒక్కసారే వదిలాడు, కానీ 95 సెకన్లు. తిరిగి రాగానే 38 వరుసల కోడ్ ఒక్క దెబ్బకు ఎడిటర్‌లో పడింది. ఒక్క దిద్దుబాటు కూడా లేదు, పదికి పది దాటాయి.

అనుభవమున్న రిక్రూటర్ ఈ రెండు రిపోర్టులనూ పక్కపక్కన పెడితే ఎవరిని ప్రశ్నించాలో వెంటనే అర్థమవుతుంది. అతికించిన సంగతి కూడా వేదికలు నమోదు చేస్తాయి. కొన్నిచోట్ల కోడ్ మొదటి అక్షరం నుంచి ఎలా పెరిగిందో వీడియోలాగా తిప్పి చూడొచ్చు. కానీ వందల మంది రిపోర్టులు ముందున్నప్పుడు ఎవరూ అంత ఓపిగ్గా చూడరు. "మూడుసార్లు దాటితే దానంతటదే సబ్మిట్ అయిపోవాలి" అని ఒక అంకె పెట్టేస్తారు. ఆ అంకె మొదటి వ్యక్తిని బయటికి పంపిస్తుంది, రెండో వ్యక్తిని లోపలికి రానిస్తుంది. నా దృష్టిలో ఎన్నిసార్లు అన్నది అన్నింటికంటే పనికిరాని కొలత. ఎంతసేపు, తిరిగొచ్చాక ఏం జరిగింది అన్నవే అసలు ప్రశ్నలు. పైగా ఆ హద్దు ఎంతో ముందు చెప్పని కంపెనీలు కూడా ఉన్నాయి. చెప్తే జనం దాని అంచు దాకా వెళ్తారని వాళ్ల వాదన. చెప్పకపోతే మొదటి నోటిఫికేషన్‌కే చెమటలు పట్టి మిగతా గంటంతా పాడుచేసుకునేవాళ్ల సంగతి ఆ వాదనలో ఉండదు.

మోసం చేద్దామనుకున్నవాళ్లకు పక్కన పెట్టుకున్న ఫోన్ చాలు, ట్యాబ్ మార్చే పనే లేదు. ఆ సంగతి కంపెనీలకూ తెలుసు. అందుకే కెమెరాతో మధ్యమధ్య ఫొటోలు తీయడం, రెండో తెర ఉందేమో కనిపెట్టడం, వేరే ప్రోగ్రాములేవీ తెరవనివ్వని ప్రత్యేక బ్రౌజర్‌లో రాయించడం వచ్చాయి. జ్యూరిక్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్ అలాంటిదే. రాసిన కోడ్‌ను మిగతావాళ్ల కోడ్‌తో పోల్చి చూడటం మాత్రం వీటన్నిటికంటే పాతది. అలెక్స్ ఐకెన్ 1994లో తయారుచేసిన మాస్ అనే సాధనాన్ని ఈ పనికి ఇప్పటికీ వాడుతున్నారు. అది పేర్లను పట్టించుకోదు, నిర్మాణాన్ని పోలుస్తుంది. `count` అన్నచోట `total` అని మార్చినంత మాత్రాన తప్పించుకోలేరు. అయితే దానికీ హద్దుంది. రెండు కోడులు ఒకలా ఉన్నాయని చెప్తుంది గానీ, ఎవరిది చూసి ఎవరు రాశారో చెప్పదు. హాస్టల్ గదిలో జాలిపడి తన కోడ్ చూపించినవాడు, చూసినవాడు, ఇద్దరూ ఒకే జాబితాలో కనిపిస్తారు.

కాబట్టి నిజాయితీగా రాసేవాళ్లు చేయాల్సిన ఏర్పాట్లన్నీ తెరను నిశ్శబ్దంగా ఉంచేవే. వాట్సాప్ డెస్క్‌టాప్‌తో సహా అన్నిట్లోంచి లాగౌట్ అవ్వాలి, విండోస్ నోటిఫికేషన్లు ఆపాలి, వాయిదా పడ్డ అప్‌డేట్ ఏదైనా ఉంటే ముందురోజే పూర్తిచేయాలి. రెండో తెర ఉంటే తీగ పీకేయాలి. కెమెరా, మైకు అనుమతులు ముందుగా ఇచ్చేస్తే పరీక్ష మధ్యలో అడిగే పెట్టె రాదు. లెక్కలకు కాగితం, కలం అనుమతిస్తారేమో సూచనల్లో చూసుకుని పక్కన పెట్టుకోవాలి. సొంత ఎడిటర్‌లో రాసి తెచ్చి అతికించే అలవాటున్నవాళ్లు అది అనుమతిస్తారో లేదో కూడా అక్కడే చూసుకోవాలి. కొన్ని కంపెనీలు దానికి ఒప్పుకుంటాయి, మరికొన్ని వేదికల్లో అతికించడమే పనిచేయదు.

ఇంత చేశాక కూడా ఏదో ఒకటి జరుగుతుంది. జరిగితే ఎవరికి రాయాలన్న దగ్గర చాలామంది సమయం పోగొట్టుకుంటారు. వేదిక సహాయ కేంద్రం పేజీ తెరుచుకోకపోవడం, కెమెరా పట్టకపోవడం లాంటి సాంకేతిక విషయాలు చూస్తుంది. గడువు పొడిగించడం, కొత్త లింకు పంపడం, ప్రయత్నాన్ని మొదటికి తేవడం వాళ్ల చేతిలో లేవు. అవి పరీక్ష పెట్టిన కంపెనీ నిర్ణయాలు. ఆహ్వానంలో ఉన్న రిక్రూటర్ చిరునామాకు రాయాలి, క్యాంపస్ డ్రైవ్ అయితే ప్లేస్‌మెంట్ ఆఫీసర్‌కు కూడా పంపాలి. నమోదు చేసుకున్న మెయిల్ ఐడీ నుంచే రాయాలి, లేకపోతే వాళ్లకు మీ రికార్డు దొరకదు. టెస్టు పేరు, మొదలుపెట్టిన సమయం, ఆగిన సమయం, తిరిగొచ్చిన సమయం, ఆ తెర ఫొటో ఉంటే చాలు, కథ అక్కర్లేదు. ఫొటో ఫోన్‌తో తీయడం వల్ల ఇబ్బంది ఉంది, కెమెరాలో ఫోన్ కనిపిస్తే అదే ఇంకో ఫిర్యాదు అవుతుంది. పరీక్ష పేజీ పూర్తిగా ఆగిపోయాక తీయండి, మెయిల్‌లో ఆ సంగతి కూడా రాయండి.

38వ నిమిషంలో తెగిపోయి 45వ నిమిషంలో కలిసిందని మీరు రాస్తే, వాళ్ల దగ్గర ఉన్న నమోదులోనూ అదే ఖాళీ కనిపిస్తుంది, నమ్మడం తేలికవుతుంది. "నెట్ సమస్య వచ్చింది, దయచేసి ఇంకో అవకాశం ఇవ్వండి" అని రాస్తే, అలాంటి మెయిళ్లు వాళ్లకు అదే రోజు చాలా వచ్చి ఉంటాయి. గడువు ఇంకా ముగియకముందే, వీలైతే అదే గంటలో పంపాలి. రిక్రూటర్ తెర మీద కొత్త ఆహ్వానం పంపడం చిన్న పనే. షార్ట్‌లిస్ట్ తయారై టీమ్ మేనేజర్ చేతికి వెళ్లాక మాత్రం, మీరు చెప్పింది నిజమేనని ఒప్పుకున్నా ఆ జాబితాను మళ్లీ తెరిచేవాళ్లు అరుదు.